గల్లాపెట్టె దగ్గర రెండో మనిషి

చిలకలూరిపేట దగ్గర ఒక ఊళ్లో మా మేనల్లుడికి విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఉంది. ఇన్నాళ్లూ ఒక్కడే నెట్టుకొచ్చాడు. ఈసారి ఒక కుర్రాణ్ణి పెట్టుకుందామనుకుని, "జీతం ఎంత ఇవ్వమంటావు మామయ్యా?" అని అడిగాడు. "జీతం సంగతి తర్వాత. వాడొచ్చాక నువ్వేం చేస్తావో చెప్పు" అన్నాను. "ఏముంది, వాణ్ణి వసూళ్లకి ఊళ్లమీద తిప్పుతాను, కౌంటరు నేను చూసుకుంటాను" అన్నాడు.

మన వైపు కొట్లలో చాలామంది చేసేది ఇదే. నా లెక్కలో ఇది తిరగబడ్డ పని.

మన నేలల్లో ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో ఒకసారి చూడండి. జూన్, జూలైలో పత్తి విత్తనాలకు రద్దీ. ఆ తర్వాత మిరప నారు, నాట్లు. 2021లో నల్ల తామరపురుగు పడ్డప్పటి నుంచి మిరపకి మందుల వాడకం ఇంకా పెరిగింది. సరుకులో ఎక్కువ భాగం అరువు మీదే పోతుంది. ఆ అరువు తీరేది పంట అమ్మాకే. పత్తి డబ్బు రైతు చేతికి రావడం అక్టోబరు, నవంబరులో మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే మిరప మందుల కోసం జనం కౌంటరు దగ్గర నిలబడి ఉంటారు. ఒంటరి యజమాని ఆ రెండు నెలలూ కొట్టు వదిలి కదలలేడు. ఈలోగా పత్తి డబ్బు ఇంకెవరి బాకీకో పోతుంది. మళ్లీ మిరప కల్లం దాకా ఆగాల్సిందే. మనిషి అవసరం వచ్చేది ఈ ఇరుకులో.

జీతం లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. నెలకు 15 వేలు ఇస్తాడనుకుందాం. అమ్మకం మీద వందకు పది మిగిలితే, ఆ జీతం రావడానికి నెలకు లక్షన్నర అదనంగా అమ్మాలి. చిన్న కొట్టులో ఒక కుర్రాడు వచ్చినంత మాత్రాన అంత అమ్మకం పెరగదు. కానీ మావాడు డీలర్లకు కట్టడానికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి తిప్పుతున్నాడు. ఏడున్నర లక్షల బాకీ ఒక్క నెల ముందు వసూలైతే మిగిలే వడ్డీ 15 వేలు, అంటే కుర్రాడి నెల జీతం. కొత్తవాడు జీతం సంపాదించిపెట్టేది అమ్మకంతో కాదు, యజమానిని కొట్టు గడప దాటించి.

మరి వసూళ్లకి కుర్రాణ్ణే పంపితే? రైతు బాకీ ముఖం చూసి ఇస్తాడు. "మీ ఓనర్ని రమ్మను, మాట్లాడతా" అని కొత్తవాణ్ణి తిప్పి పంపడం చాలా తేలిక. ఇచ్చినా సగం ఇస్తాడు, మిగతా సగానికి వాయిదా పెడతాడు. ఆ వాయిదా ఒప్పుకోవాలో వద్దో కుర్రాడికి తెలియదు. పైగా ఊళ్లో వసూలైన నగదు కొట్టుకి చేరేదాకా ఎవరి పూచీ అన్న తగాదా ఒకటి. కాబట్టి కుర్రాడు కౌంటర్లో, యజమాని ఊళ్లో.

అలా అని కౌంటరు మొత్తం అప్పజెప్పడానికీ లేదు. పురుగుమందుల చిల్లర లైసెన్సుకి చదువు అర్హత ఉండాలని నిబంధన ఉంది. వ్యవసాయ డిగ్రీయో, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ లాంటివి చదివిన డిగ్రీయో, ఏడాది డిప్లొమాయో కావాలి. డీలర్ల కోసం హైదరాబాదు మేనేజ్ సంస్థ 2003 నుంచి నడుపుతున్న డేసీ డిప్లొమా మావాడు చేశాడు. కుర్రాడు చెయ్యలేదు. అందుకే వాడి పనికి హద్దు గీశాం. చీటీ మీద రాసినదో, రైతు పేరు పెట్టి అడిగినదో తీసి, బిల్లు కొట్టి ఇవ్వాలి. "ఆకు ముడత వచ్చింది, ఏం కొట్టమంటావు?" అని ఎవరన్నా అడిగితే ఫోను చేసి యజమానికి ఇవ్వాలి. సొంతంగా చెప్పకూడదు. అరువు రాయడం కూడా ఫోను అడిగాకే.

ట్రయల్ మూడు నెలలు చాలు. అయితే ఏ మూడు నెలలన్నదే అసలు ప్రశ్న. ఏప్రిల్, మేలో పెట్టుకుంటే కుర్రాడు దుమ్ము దులుపుతూ, ఫోను చూసుకుంటూ బుద్ధిమంతుడిలా కనిపిస్తాడు. రద్దీ వచ్చాక గానీ మనిషి బయటపడడు. అందుకని జూన్ ఒకటిన చేర్చుకుని ఆగస్టు ఆఖరుకి తేల్చుకోమన్నాను. పనికి వస్తే పత్తి డబ్బు మొదలయ్యే నాటికి చెయ్యి తిరుగుతుంది. రాకపోతే ఇంకొకణ్ణి వెతుక్కోవడానికి సెప్టెంబరు మిగిలి ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది. 1988 నాటి మన షాపుల చట్టం ప్రకారం ఆరు నెలలు వరసగా పనిచేసినవాణ్ణి తీసేయాలంటే సరైన కారణం ఉండాలి, దానితోపాటు నెల ముందు రాతపూర్వకంగా నోటీసో, బదులు నెల జీతమో ఇవ్వాలి. "ఇంకా ట్రయలే కదరా" అంటూ ఏడాది లాగితే ఆ మాటకి విలువ ఉండదు.

ట్రయల్లో ఏం చూడాలి? నేను చెప్పిన పరీక్ష ఒక్కటే. రైతు వచ్చి "ఇమిడా ఇవ్వు" అంటాడు. అలమరలో 17.8 ఎస్‌ఎల్ సీసా ఉంటుంది, 70 డబ్ల్యూజీ గుళికల ప్యాకెట్టూ ఉంటుంది. రెండూ ఇమిడాక్లోప్రిడ్డే. కానీ దేంట్లో మందు ఎంత గాఢతో వేరు, ట్యాంకుకి పోసే మోతాదు వేరు. పనికొచ్చేవాడు "ద్రవమా, గుళికలా?" అని తిరిగి అడుగుతాడు. పనికిరానివాడు చేతికి అందింది ఇస్తాడు. మొదటి వారం ఎవరికీ తెలియదు, చెప్పాలి. నాలుగో వారానికీ అడగకపోతే అంతే సంగతులు. దానితోపాటు బిల్లులో బ్యాచి నంబరు సీసా చూసి రాస్తున్నాడా, పాత బిల్లు చూసి ఎక్కిస్తున్నాడా అన్నది కూడా గమనించుకోవాలి. పంట పోయి రైతు ఫిర్యాదు చేస్తే కొట్టు తరఫున నిలబడేది ఆ నంబరే.

కాగితాల పని భయపడేంత లేదు. ఒక్క మనిషికి పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. మొదటిది 20 మంది, రెండోది 10 మంది ఉన్నచోట మొదలవుతాయి. కనీస వేతనం మాత్రం ఒక్కడున్నా వర్తిస్తుంది. కరువు భత్యం ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది కాబట్టి జీతం మాట్లాడేముందు కార్మిక శాఖ తాజా పట్టిక చూసుకోవాలి. కుర్రాడికి 18 నిండాలి. విషం నిండిన గదిలో పిల్లల్ని పెట్టకూడదు. ఆధార్ నకలు, బ్యాంకు ఖాతా వివరాలు తీసుకోవాలి. టెన్త్ సర్టిఫికెట్ అసలు ప్రతిని బీరువాలో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. అది తప్పు.

ఇక నియామక పత్రం. ఒకే పేజీ, తెలుగులో, రెండు కాపీలు. పని ఏమిటి, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, వారం సెలవు ఎప్పుడు, జీతం ఎంత, ట్రయల్ ఏ తేదీన ముగుస్తుంది, మానాలన్నా మాన్పించాలన్నా ఎన్ని రోజుల ముందు చెప్పాలి. జీతం ఏడో తారీఖులోపు ఖాతాలో పడాలి. మన కొట్లలో యజమానికీ గుమాస్తాకీ చెడేది జీతం దగ్గర కాదు, అడ్వాన్సు దగ్గర. పండక్కి ఐదు వేలు, చెల్లెలి పెళ్లికి పది వేలు అని నోటిమాటన ఇస్తారు. సంక్రాంతి నాటికి ఎవరి లెక్క వారిదవుతుంది. అడ్వాన్సుకి విడిగా ఒక పుస్తకం పెట్టి, ఇచ్చిన రోజునే ఇద్దరూ సంతకం చెయ్యాలి. నెలకు ఎంత కోస్తారో కూడా అక్కడే రాయాలి.

ఇంకొక్క చిన్న ఖర్చు. ప్రధానమంత్రి సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే కుటుంబానికి 2 లక్షలు. అది మావాడే కట్టాడు.

ఈ సీజనుకి మనిషిని చూసుకునేవాళ్లు ఆ ఒక్క పేజీ మేలోనే రాయించుకోండి. తొలకరి పడ్డాక కూర్చుని రాసే తీరిక మీకూ ఉండదు, చదివి సంతకం పెట్టే తీరిక వాడికీ ఉండదు.