బాండ్లు సంపదేనా? రాబర్ట్ బారో వాదనలోని పనితనం

1974 చివర్లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో రాబర్ట్ బారో వ్యాసం ఒకటి వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు. ప్రభుత్వ బాండ్లు జనానికి నిజంగా సంపదేనా అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టాడు. ప్రభుత్వం పన్ను తగ్గించి, ఆ లోటును అప్పు చేసి పూడ్చుకుంటే ముందుచూపున్న కుటుంబం మిగిలిన డబ్బును ఖర్చు చేయదు, దాచుకుంటుంది. ఆ అప్పు రేపు పన్ను రూపంలో తన గడపకే వస్తుందని దానికి తెలుసు. వాదన ఇంతే. ఇలా రెండు ముక్కల్లో చెబితే ఎవరికైనా కాదనబుద్ధి వేస్తుంది. బారో దాన్ని పేర్చిన తీరు చూశాక మాత్రం ఎక్కడ కాదనాలో వెతుక్కోవాలి. ఆ పేర్పు కోసమే ఈ వ్యాసాన్ని నిదానంగా చదవాలంటాను.

చదవడానికి మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. 2025 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో కొత్త పద్ధతి ఎంచుకున్నవారికి 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేకుండా చేశారు. దీనివల్ల సుమారు లక్ష కోట్ల రాబడి వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. అదే బడ్జెట్‌లో ద్రవ్య లోటు జీడీపీలో 4.4 శాతం. ఖర్చులు అవే ఉన్నాయనుకుంటే, ఆ లక్ష కోట్లు వచ్చి ఉంటే అప్పు ఆ మేరకు తగ్గేది. కాబట్టి ఇది అప్పుతో ఇచ్చిన తగ్గింపేనని లెక్క వేసుకోవచ్చు.

జిన్నారం నుంచి రోజూ గడ్డపోతారం వైపు మందుల ఫ్యాక్టరీకి వెళ్లే ఒక సీనియర్ కెమిస్టును ఊహించుకోండి. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఉద్యోగం, పన్ను పడే ఆదాయం సరిగ్గా 12 లక్షలు. పాత రేట్ల ప్రకారం, సెస్సు పక్కన పెడితే, ఆమె 80,000 రూపాయలు కట్టేది. ఇప్పుడు ఏమీ కట్టనక్కర్లేదు. ఆమె వాటాగా ప్రభుత్వం 80,000 అప్పు తెచ్చిందనుకుందాం. వడ్డీ 7 శాతం, తీర్చేది 30 ఏళ్ల తర్వాత, అసలూ వడ్డీ కలిపి ఒకేసారి. అప్పటికి బాకీ దాదాపు 6 లక్షల 9 వేలు అవుతుంది. ఆమె కూడా ఈ 80,000ను అదే వడ్డీ వచ్చే బాండులో పెడితే 30 ఏళ్లకు చేతికొచ్చేది సరిగ్గా అంతే. పన్ను నోటీసు వచ్చిన రోజున బాండు అమ్మి కట్టేస్తుంది. వడ్డీ 7 కాకుండా 9 అయినా రెండు పక్కలా సమానంగా పెరుగుతుంది. కనుక ఈ రోజు ఆమె సంపద పెరగలేదు, తరగలేదు.

ఇంతవరకూ పాత సంగతే. 1820లోనే డేవిడ్ రికార్డో యుద్ధ ఖర్చుల గురించి రాస్తూ ఈ లెక్క వేశాడు. వెంటనే తానే వెనక్కి తగ్గాడు. 20,000 పౌన్లున్న మనిషిని, ఏటేటా శాశ్వతంగా 50 పౌన్లు కట్టడమూ ఇప్పుడే ఒకేసారి 1000 పౌన్లు కట్టడమూ ఒకటేనని నమ్మించడం కష్టమన్నాడు. 1976లో జేమ్స్ బుకానన్ ఈ సంగతి గుర్తుచేశాకే ఈ వాదనకు రికార్డో పేరు స్థిరపడింది.

బారో ఎదుర్కొన్న అసలు అడ్డంకి వేరు. మన కెమిస్టు వయసు 50 అనుకోండి. 30 ఏళ్ల తర్వాత పన్ను కట్టే రోజుకు ఆమె ఉండకపోవచ్చు, ఉన్నా ఆదాయం ఉండదు. కట్టేది ఆమె కూతురు. అప్పుడు తల్లి చేతిలోని 80,000 ఉత్త లాభమే కదా, దర్జాగా ఖర్చు పెట్టుకోవచ్చు కదా? అప్పటిదాకా ఆర్థికవేత్తల్లో చాలామంది ఇలాగే అనేవారు. మనుషులు చస్తారు, ప్రభుత్వం చావదు. కాబట్టి బాండ్లు బతికున్నవారికి సంపదే.

ఇక్కడ బారో పెట్టిన జోడింపు చూడండి. తల్లి సంతోషంలో కూతురి సంతోషాన్ని ఒక భాగం చేశాడు. కూతురికి ఇచ్చే డబ్బు వల్ల కలిగే తృప్తిని కాదు, కూతురు నిజంగా ఎంత బాగుంటుందన్నదాన్ని. ఈ తేడాలోనే అంతా ఉంది. కూతురి బాగులో ఆమె పిల్లల బాగు ఇమిడి ఉంటుంది, వాళ్ల బాగులో వాళ్ల పిల్లలది. తల్లి తన మునిమనవరాలి గురించి ఎన్నడూ ఆలోచించనక్కర్లేదు. ఒక్కో తరం తర్వాతి తరాన్ని మాత్రం పట్టించుకుంటే చాలు, మూన్నాళ్ల ముచ్చటైన మనుషులంతా కలిసి ఎప్పటికీ చావని ఒకే కుటుంబంలా లెక్క వేస్తారు. ఇంత చిన్న ఊహతో ఇంత దూరం నడిచిన వాదనలు అర్థశాస్త్రంలో తక్కువ.

రెండో జోడింపు ఇంకా సున్నితం. తల్లి నిజంగా నిర్ణయించేది ఎంత ఆస్తి వదలాలన్నది కాదంటాడు బారో. వదిలే ఆస్తిలోంచి కూతురి మీద పడే ప్రభుత్వ బాకీ తీసేస్తే మిగిలేది ఎంత అన్నదే ఆమె నిర్ణయం. ఆమె కూతురికి 10 లక్షల బాండ్లు వదలాలనుకుంది. ఇప్పుడు పన్ను తగ్గి కూతురి మీద బాకీ పడింది. ఈ 80,000నూ దాని మీద పెరిగిందాన్నీ ఆ 10 లక్షలకు కలిపి ఇస్తే కూతురు ముందెంత బాగుండేదో అంతే బాగుంటుంది. తల్లికి నచ్చిన ఏర్పాటు పన్ను తగ్గకముందు ఏదో, తగ్గాకా అదే. ఇక ఖర్చు మారడానికి కారణమే లేదు. ఆస్తి ఎక్కువ ఉండాలన్న షరతు కూడా లేదు. ఎంతో కొంత ఇచ్చే స్థితిలో ఉంటే సరిపోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ప్రభుత్వం చేసే ఖర్చుకు ప్రభావం లేదని బారో అనలేదు. రోడ్డుకో ఫిరంగికో అయ్యే ఖర్చు మారకుండా, దాని డబ్బు ఈ రోజు వసూలు చేశారా, రేపా అన్నదానికే ప్రభావం లేదన్నాడు. పన్ను తగ్గింపు రేపటి ఖర్చుల కోతకు సూచన అని జనం భావించి ఎక్కువ ఖర్చు పెడితే, అది ఈ వాదనకు దెబ్బ కాదు.

ఇక విమర్శలు. అన్నిటికన్నా బరువైనది అప్పు దొరికే ధర గురించి. కాజీపల్లిలో కాంట్రాక్టు మీద పనిచేసే కార్మికుణ్ని తీసుకుందాం. ఆదాయపు పన్ను అతని దాకా రాదు. కానీ లెక్క కోసం అతనికీ ఏదో పన్నులో 80,000 తగ్గిందనుకుందాం, ఏడాది తర్వాత 7 శాతం వడ్డీతో 85,600 తిరిగి కట్టాలనుకుందాం. బ్యాంకు అతనికి అప్పివ్వదు. బయట తెచ్చుకుంటే నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి, అంటే ఏడాదికి 24 శాతం. ఏడాది తర్వాత కట్టే 85,600 అతని లెక్కలో ఈ రోజు దాదాపు 69,000 మాత్రమే. అంటే ప్రభుత్వం అతని పేరున చౌకగా అప్పు తెచ్చి దాదాపు 11,000 లాభం చేసింది. అతనికి బాండు నిజంగానే సంపద. అతను ఆ డబ్బుతో మిత్తి అప్పు తీర్చుకుంటే లెక్కల్లో అది పొదుపే. కానీ ఎక్కడా అప్పు పుట్టని ఇంట్లో, వాయిదా వేసిన వైద్యమో బడి ఫీజో ఉన్నచోట, డబ్బు వచ్చిన వారంలోనే కదులుతుంది.

ఈ విమర్శను బారోకు ఎవరో తర్వాత నేర్పలేదు. ఆ వ్యాసంలోనే అప్పు మార్కెట్ లోపాల మీద ఒక భాగం ఉంది. అప్పులిచ్చి వసూలు చేసుకోవడంలో ప్రైవేటు వాళ్లకన్నా ప్రభుత్వం సమర్థమైతే బాండ్లు సంపద అవుతాయని, కాకపోతే కావని ఆయనే రాశాడు. తన కట్టడం ఎక్కడ విడిపోతుందో ముందే గుర్తు పెట్టి చూపించాడన్నమాట. ఈ నిజాయితీ నాకు వాదన కన్నా గొప్పగా కనిపిస్తుంది.

రెండో విమర్శ: ఆస్తి వదిలే స్థోమత లేని తల్లిదండ్రుల సంగతేమిటి? మన ఊళ్లలో డబ్బు పై తరం నుంచి కిందికి మాత్రమే రాదు. పటాన్‌చెరులో పనిచేసే కొడుకు ఊళ్లో ఉన్న తల్లికి నెలనెలా పంపుతాడు. దీన్నీ బారో ముందే చూశాడు. తెలంగాణలో ఆసరా పింఛను 2014లో 1000 రూపాయలు, 2019లో 2016 రూపాయలు అయింది. ఆ పెంపు అప్పుతో వచ్చిందనుకుంటే, ఆ అప్పు తీర్చేది కొడుకు. కొడుకు తాను పంపేదాన్ని ఆ మేరకు తగ్గించుకుంటే అంతా యథాతథం. వాదన చెడేది మధ్య జాగాలో: తల్లి కొడుక్కి ఇచ్చేదీ లేదు, కొడుకు తల్లికి పంపేదీ లేదు. అలాంటి తల్లి పింఛను పెరిగితే ఖర్చు పెడుతుంది, పెట్టాలి కూడా.

మూడో విమర్శ చాలా చమత్కారమైనది. 1988లో బెర్న్‌హైమ్, బాగ్‌వెల్ అనే ఇద్దరు బారో ఊహను కాదనకుండా చివరిదాకా సాగదీశారు. పెళ్లితో రెండు కుటుంబాలు కలుస్తాయి. వియ్యంకులిద్దరూ ఒకే మనవరాలి బాగు కోరతారు. ఆ వియ్యంకులకు మరో వైపు మరో వియ్యంకులు. ఇలా అల్లుకుంటూ పోతే దేశమంతా ఒకే కుటుంబమవుతుంది. అప్పుడు అప్పు ఒక్కటే కాదు, ఏ పన్నుకూ ఏ ప్రభావమూ ఉండకూడదు. ఇది నిజం కాదని అందరికీ తెలుసు, కాబట్టి మొదటి ఊహలోనే ఏదో లోపముందన్నారు. బారో వాదనను ఇంత శ్రద్ధగా చదివి కొట్టిన దెబ్బ మరొకటి నాకు తెలియదు.

మన దేశానికి మరీ తగిలే అభ్యంతరం వేరే ఉంది. ఆదాయపు పన్ను కట్టేవారు ఇక్కడ కొద్దిమందే, ఏటా కొత్తవారు చేరుతుంటారు. ఈ రోజు తగ్గింపు పొందింది కెమిస్టు ఇల్లు. ముప్పై ఏళ్ల తర్వాత పన్ను కట్టేవారిలో ఆ కాంట్రాక్టు కార్మికుడి కొడుకూ ఉండొచ్చు. అతనికీ కెమిస్టుకూ ఏ బంధుత్వమూ లేదు. బాకీలో కొంత వేరే ఇంటి పిల్లల మీద పడుతుంటే, ఆ మేరకు కెమిస్టు నిజంగానే లాభపడినట్టే.

వాదన నిలిచిందా, ఓడిందా అన్నది ఎలా తెలుసుకోవాలి? అమెరికాలో 2001లో ఒంటరివారికి 300 డాలర్ల దాకా, దంపతులకు 600 దాకా పన్ను వాపసు చెక్కులు పంపారు. సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి రెండు అంకెలను బట్టి ఎవరికి ఏ వారం పంపాలో నిర్ణయించారు. అంటే ఎవరికి ముందు అందిందన్నది లాటరీ లాంటిదే. జాన్సన్, పార్కర్, సూలెలెస్ ముందు అందినవారి ఖర్చును తర్వాత అందినవారి ఖర్చుతో పోల్చారు. చెక్కు అందిన మూడు నెలల్లో అందులో 20 నుంచి 40 శాతం దాకా నిత్యావసరాల వంటి వాటికి వెళ్లింది. చేతిలో దాచుకున్న సొమ్ము తక్కువున్న ఇళ్లలో ఇది ఇంకా ఎక్కువ. పూర్తి పొదుపు జరగలేదు, కానీ చాలామంది ఊహించినట్టు డబ్బంతా వెంటనే బజారుకూ పోలేదు. ఎవరు ఖర్చు పెడతారని బారో విమర్శకులు చెప్పారో వాళ్లే ఎక్కువ ఖర్చు పెట్టారు.

దీన్ని మన ఫ్యాక్టరీల ప్రాంతానికి తెచ్చి చూస్తే నా తీర్పు ఇది. 2025 ఆదాయపు పన్ను తగ్గింపు అందుకున్నవారు పీఎఫ్, బ్యాంకు ఖాతా, ప్లాటు, పిల్లల పేర ఎల్‌ఐసీ ఉన్న కెమిస్టులు, షిఫ్టు ఇన్‌చార్జిలు. బారో ఊహించిన మనిషికి అందరికన్నా దగ్గరగా ఉన్నది వాళ్లే. ఖర్చు పెట్టే కాంట్రాక్టు కార్మికులకు ఆ తగ్గింపులో ఒక్క రూపాయి రాలేదు. కాబట్టి ఆ కార్మికులకూ తగిలే జీఎస్టీలోనో పింఛన్లోనో ఓడిపోయే ఈ సిద్ధాంతం, జిన్నారంలో ఆదాయపు పన్ను దగ్గర విమర్శకులు అనుకున్నదానికన్నా బాగానే నిలుస్తుంది.