ఉన్న ఊరు, సొంత ఊరు

పేదింటి పిల్లకు ప్రైవేటు బడిలో సీటు ఇప్పించడానికి మన రెండు రాష్ట్రాల్లో రెండు దారులున్నాయి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు వాళ్లకు వాటిలో ఒకదాని గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. అది బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం. ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని డ్రాలో ఎంపిక చేసి, పేరున్న ప్రైవేటు బడులకు పంపి, ఫీజు ప్రభుత్వమే కడుతుంది. రెండోది విద్యాహక్కు చట్టంలోని సెక్షన్ 12(1)(సి). ప్రతి ప్రైవేటు బడీ ఒకటో తరగతిలో కనీసం నాలుగో వంతు సీట్లు చుట్టుపక్కల ఉండే బడుగు, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలని అది చెబుతుంది. చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. సుప్రీంకోర్టు 2012లో ఈ నిబంధనను సమర్థించింది, 2014లో మైనారిటీ బడులన్నిటినీ చట్టం పరిధి నుంచి తప్పించింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2022 జనవరిలో గట్టిగా ఆదేశించాక అక్కడ 2022-23 నుంచి సీట్లు ఇవ్వడం మొదలైంది. తెలంగాణలో మాత్రం రాష్ట్రం ఏర్పడి పదేళ్లు గడిచినా అది కాగితం దాటి రాలేదు.

ఈ రెండూ ఒకే ఇంట్లో పుట్టినవి. పథకం ఉమ్మడి రాష్ట్రం నాటిది. విద్యాహక్కు నియమావళి కూడా 2011లో ఉమ్మడి రాష్ట్రంలోనే వచ్చింది. మంచి చదువు ప్రైవేటు బడిలోనే ఉందన్న నమ్మకం రెండింటిలోనూ ఉంది. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైనప్పుడు పిల్లల తెలివిని పరీక్షించకుండా రెండూ చీటీ తీస్తాయి. ఈ చివరి గుణం నాకు చాలా ఇష్టం. ఐదేళ్ల పిల్లకు ఇంటర్వ్యూ పెట్టే బడులున్న ఊరిలో, ఏ రాతపరీక్షా లేకుండా సీటు వస్తుందనడం చిన్న మాట కాదు. చట్టం ఇంకొంచెం ముందుకు వెళ్లి, చేర్చుకునేటప్పుడు పరీక్ష పెట్టిన బడికి మొదటిసారి 25,000 రూపాయల వరకూ జరిమానా రాసింది.

తేడా ఎక్కడంటే, చట్టం హక్కు గురించి మాట్లాడుతుంది, పథకం బడ్జెట్ గురించి మాట్లాడుతుంది. మైనారిటీ బడులు తప్ప హక్కు ప్రతి బడి గుమ్మానికీ వర్తిస్తుంది, మిగతా ఏ యజమానీ ‘మా బడి ఆ జాబితాలో లేదు’ అనలేడు. పథకంలో జాబితాకెక్కిన బడులే ఉంటాయి, జిల్లాకు ఇన్ని అని సీట్లు వస్తాయి. కాగా డబ్బు దగ్గరికి వచ్చేసరికి పథకం చెయ్యే పెద్దది. ఇంటి నుంచి వచ్చిపోయే పిల్లకు ఏడాదికి 28,000, హాస్టల్లో ఉండే పిల్లకు 42,000 రూపాయలు దాని లెక్క. ఆంధ్రప్రదేశ్ మొదట్లో ఖరారు చేసిన ఫీజు పట్టణాల్లో 8,000, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100. అదీ అమ్మఒడి సొమ్ములోంచి తల్లే కట్టాలన్నారు. అంత తక్కువ ఫీజుకు బడి ఆ పిల్లను మనస్ఫూర్తిగా చూసుకుంటుందా అన్న అనుమానం న్యాయమైనదే. పెద్ద మొత్తం రాసిపెట్టి వేళకు ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2025లో బకాయిలు పేరుకుపోయి తెలంగాణలో కొన్ని బడులు పథకం పిల్లల్ని గేటు బయటే ఆపేశాయి, తల్లిదండ్రులు ధర్నాలకు దిగారు. అక్కడ మొత్తం చిన్నది, ఇక్కడ వాయిదా పెద్దది. రెండుచోట్లా తలదించుకుని నిలబడేది పిల్లే.

అయితే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాలని నాకు అనిపించింది ఫీజుల కోసం కాదు, వలస వచ్చిన కుటుంబం కోసం. ఎల్బీనగర్ అడ్డా మీద పొద్దున్నే తాపీ, సెంట్రింగ్, పెయింట్ పనికోసం నిలబడే వాళ్లలో పాలమూరు, నల్లగొండ పల్లెల వాళ్లున్నారు, ఒడిశా నుంచి వచ్చిన వాళ్లున్నారు. నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి దసరా దాటాక వచ్చిన ఒక ఎస్సీ మేస్త్రీ కుటుంబాన్ని ఊహించుకుందాం. ఎల్బీనగర్‌లోనే కడుతున్న అపార్టుమెంటులో పని, సెల్లార్‌లో కాపురం. ఐదున్నరేళ్ల కూతురు, ఎనిమిదేళ్ల కొడుకు.

పథకం ఈ తండ్రిని ‘నీ సొంత ఊరేది’ అని అడుగుతుంది. కుల ధ్రువీకరణ సొంత మండలం నుంచి రావాలి, ఆదాయ పత్రం ఉండాలి, సీట్లు జిల్లాలవారీగా ఉంటాయి. పని చేస్తున్నది రంగారెడ్డి జిల్లాలో, కాగితాలు నాగర్‌కర్నూల్‌వి. సొంత జిల్లాలో దరఖాస్తు పెట్టి సీటు తెచ్చుకుంటే బడి అక్కడ, అమ్మానాన్నలు ఇక్కడ. పోనీ ఇక్కడే పెట్టుకోనిచ్చారనుకుందాం. డ్రా తీసేది కలెక్టరేట్‌లో. రంగారెడ్డి కలెక్టరేట్ 2022 నుంచి కొంగరకలాన్‌లో ఉంది. ఎల్బీనగర్ నుంచి అక్కడికి వెళ్లి చీటీ తీసేదాకా కూర్చుని రావాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట వైపు కాస్త జరిగి గది తీసుకుంటే హైదరాబాద్ జిల్లా వస్తుంది, ఆఫీసు మారిపోతుంది. అద్దె తక్కువని గది మారే మనిషి జిల్లా హద్దు చూసుకుని మారడు.

చట్టం మాత్రం ‘ఇప్పుడెక్కడ ఉంటున్నావు’ అని అడుగుతుంది. వలస మనిషికి ఇది దగ్గరి ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో మొదట కిలోమీటరు లోపలి పిల్లలకు, తర్వాత మూడు కిలోమీటర్ల లోపలి వాళ్లకు సీట్లు ఇస్తారు. సొంత ఊరు ఎక్కడైనా పర్వాలేదు. కానీ ఉంటున్నట్టు రుజువు కావాలి. ఆధార్, రేషన్ కార్డు, కరెంటు బిల్లు లాంటిది ఏదో ఒకటి. సెల్లార్‌లో ఉండే వాళ్లకు కరెంటు బిల్లు బిల్డర్ పేరు మీద వస్తుంది, ఆధార్‌లో పల్లె చిరునామా ఉంటుంది. అంటే దగ్గరి ప్రశ్నకు కూడా ఈ తండ్రి చేతిలో జవాబు లేదు. ఇదే నియమం విజయవాడ శివార్లలో పని చేసే శ్రీకాకుళం మేస్త్రీనీ ఇలాగే ఆపుతుంది.

ఒడిశా కుటుంబానికి చిక్కు ఇంకా గట్టిది. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీగా గుర్తింపు ఉన్న మనిషి వలస వెళ్తే ఆ గుర్తింపు ప్రయోజనం కొత్త రాష్ట్రంలో దక్కదని సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. ఆ కేసు మన తెలుగువాడిదే. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్లాడు, అక్కడి మెడికల్ కాలేజీలో కొడుకుకు ఎస్టీ సీటు కుదరదన్నారు. అప్పుడు మనవాడికి మూసుకున్న తలుపు ఇప్పుడు మన దగ్గరికి వచ్చిన ఒడిశా పిల్లకు మూసుకుంటోంది. కులాన్నే పునాది చేసుకున్న పథకం ఆ పిల్లను చూడలేదు. చట్టం ఆదాయాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది కనుక కనీసం ఓ సందు వదిలింది.

ఇంతవరకూ చట్టం పక్షానే మాట్లాడుతున్నట్టుంది. ఇప్పుడు పథకం వైపు నుంచి చూడాలి. ఎల్బీనగర్ అపార్టుమెంటు రెండేళ్లలో పూర్తవుతుంది, మేస్త్రీ కొంపల్లికి పోతాడు. చట్టం కింద వచ్చిన సీటు పిల్లతో పాటు కదలదు. ఒక బడి నుంచి మరో బడికి మారే హక్కు సెక్షన్ 5లో ఉంది కానీ, అది ఎయిడ్ లేని ప్రైవేటు బడులకు వర్తించదని అదే సెక్షన్ చెబుతుంది. పొరుగునే ఉండాలన్న మంచి ఆలోచన పొరుగు మారిన రోజునే ముగిసిపోతుంది. పథకంలోని హాస్టల్ సీటు అలా కాదు. తల్లిదండ్రులు ఎన్ని సైట్లు మారినా పిల్ల మంచమూ పుస్తకాల పెట్టే ఒకచోటే ఉంటాయి. ఈ ప్రాంతానికి ఈ సంప్రదాయం కొత్త కాదు. ఎల్బీనగర్ మెట్రో లైనులో ఒక స్టేషన్‌కు పేరిచ్చిన విక్టోరియా మెమోరియల్ హోం, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, గత శతాబ్దం తొలి ఏళ్లలో, అనాథ పిల్లల కోసం వెలిసింది. తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలకు కూడా అక్కడ చోటు ఉంది. ఇల్లు నిలకడగా లేని బిడ్డకు బడే ఇల్లు కావాలన్న ఆలోచన అది. మన గురుకులాలన్నీ ఆ తోవలోనివే.

కానీ మేస్త్రీ కూతురికి ఐదున్నరేళ్లు. పథకంలో ఎస్సీ పిల్లలకు ఒకటో తరగతిలో ఉన్నది వచ్చిపోయే సీటు, హాస్టల్ సీటు ఐదో తరగతికి గానీ రాదు. అలాగే చట్టం కింద చేరే వీలు ఒకటో తరగతిలోనే ఉంది. ఎనిమిదేళ్ల కొడుకు సంగతి? అతనికి రెండింటిలోనూ తలుపు లేదు. పైగా రెండింటి దరఖాస్తుల కాలమూ ఎండాకాలమే. దసరా దాటాక ఊరు వదిలిన కుటుంబం నవంబరులో నగరం చేరేసరికి చీటీలు తీసి నెలలు గడిచి ఉంటాయి. ఇంగ్లండులో ఏడాది మధ్యలో వచ్చే పిల్లల కోసమే విడిగా ఒక ఒప్పందం ఉంది. అక్కడి 2021 నిబంధనల ప్రకారం నాలుగు వారాలు, అంతకు మించి బడికి దూరమైన పిల్లలు, శరణార్థుల పిల్లలు అందులోకి వస్తారు. స్థానిక బడులన్నీ వాళ్లను పంచుకోవాలి, సీటు ఇరవై బడిరోజుల్లో చూపించాలి. మన రెండు పద్ధతుల్లోనూ లేనిది ఆ నవంబరు తలుపే.

చిత్రమేమిటంటే అలాంటి తలుపు మన చట్టంలో ప్రభుత్వ బడికి ఉంది. సెక్షన్ 15 ప్రకారం గడువు దాటినా చేర్చుకోవాలి. సెక్షన్ 14 ప్రకారం వయసు రుజువు లేదని తిప్పిపంపకూడదు. సెక్షన్ 4 ప్రకారం ఎనిమిదేళ్ల పిల్లవాడిని వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ రాలేదని ఆపకూడదు. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత సెక్షన్ 9(కె) పేరు పెట్టి మరీ స్థానిక సంస్థ మీద మోపింది. అయినా చాలాచోట్ల హెడ్మాస్టర్ టేబుల్ ముందు మొదట వినిపించే ప్రశ్న ‘ఆధార్ ఉందా, టీసీ ఉందా’ అనే. చట్టం అమలవుతోందా లేదా తెలుసుకోవడానికి ఆ ఒక్క ప్రశ్న వింటే చాలు.

అందుకే పోలిక ప్రైవేటు సీట్ల దగ్గర ఆగిపోతే అన్యాయం అంటాను. పాతిక శాతం సీట్లు ఇస్తే సర్కారు బడి ఖాళీ అవుతుందన్న భయం తెలంగాణలో చాలామంది ఉపాధ్యాయులది. కర్ణాటక ఆ భయంతోనే, పొరుగున ప్రభుత్వ బడి ఉంటే ప్రైవేటు సీటు లేదని నియమం మార్చింది. మహారాష్ట్ర 2024లో అదే చేస్తే బొంబాయి హైకోర్టు కొట్టేసింది. భయం అబద్ధం కాదు, మందు మాత్రం సరైంది కాదు. సర్కారు బడి నవంబరులో వచ్చినవాడికి తలుపు తీస్తే దాని పిల్లలు దానికి ఉంటారు.

అదే కర్ణాటక ఒక మంచి పని కూడా చేసింది. అనాథలతో, వీధి బాలలతో పాటు వలస పిల్లల్ని చట్టం చెప్పే బడుగు వర్గాల జాబితాలో పేరుతో చేర్చింది. భౌగోళిక, భాషా కారణాల వల్ల వెనకబడిన వాళ్లను ప్రభుత్వం నోటిఫై చేయవచ్చని సెక్షన్ 2(డి)లోనే ఉంది కాబట్టి దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు. తెలంగాణ పాతిక శాతం సీట్లు నిజంగా మొదలుపెట్టిన రోజున, లేదా పథకం నియమాలు సవరించిన రోజున, చూడవలసింది ఆ జీవోలో ఈ ఒక్క వాక్యం ఉందా అని. దాని వెంటే, ఉంటున్న చోటికి రుజువుగా కార్మిక శాఖ ఇచ్చే భవన నిర్మాణ కార్మికుడి కార్డునో, సైట్ యజమాని రాసిచ్చిన చీటీనో ఒప్పుకుంటారా అని.