మెట్టా, అగాధమా? విగ్రహారాధన సమర్థనపై ఒక విమర్శ

ఘాజియాబాద్‌లోని దూధేశ్వరనాథ మందిరంలో శివలింగానికి అభిషేకం జరుగుతుంది. అదే నగరంలోని ఆర్యసమాజ మందిరాలలో విగ్రహం ఉండదు. హోమమూ వేదమంత్రపఠనమూ మాత్రమే ఉంటాయి. ఈ రెండు పద్ధతుల మధ్య వివాదం దయానంద సరస్వతి రచించిన ‘సత్యార్థప్రకాశం’ పదకొండవ సముల్లాసంలో సూటిగా కనిపిస్తుంది. ఈ గ్రంథం 1875లో తొలిసారి వెలువడి, తరువాత సవరింపబడింది.

నిరాకారాన్ని చేరుకోవడానికి విగ్రహం తొలి మెట్టు అని సమర్థకుల వాదం. అది మెట్టు కాదు, పడిపోవలసిన అగాధమని దయానందుని సమాధానం. ఆయన చూపిన కారణం మనస్తత్త్వానికి సంబంధించినది. ఆకారాన్ని పట్టుకున్న మనస్సు ఒక అవయవం నుండి మరొక అవయవానికి పరుగెత్తుతుందనీ, అంతంలేని నిరాకారంలోనే అది నిలుస్తుందనీ ఆయన అభిప్రాయం.

ఈ ఆక్షేపణ పూర్తిగా నిలువదు. బుద్ధఘోషుని ‘విసుద్ధిమగ్గం’ పఠవీకసిణానికి జేనెడు నాలుగంగుళాల మట్టి వలయాన్ని విధిస్తుంది. దానికి ఆకారం ఉంది, అవయవాలు లేవు. సాధకుని మనస్సు దానిపై నిలుస్తుంది. శివలింగం విషయమూ ఇంచుమించు ఇంతే. కాబట్టి దయానందుని విమర్శ బహ్వవయవాలున్న ప్రతిమకు తగులుతుందే గాని ఆకారమాత్రానికి తగలదు.

శంకరుల సమర్థన వేరొక దారిలో సాగుతుంది. అధమమైనదానిలో ఉత్తమదృష్టి నిలపాలి గాని, ఉత్తమమైనదాన్ని అధమంగా చూడరాదని బ్రహ్మసూత్రభాష్యంలో (4.1.5) ఆయన వివరించారు. సేవకుని రాజుగా భావిస్తే మేలు, రాజును సేవకునిగా చూస్తే కీడు. శిలలో విష్ణువును చూడడం మొదటి కోవకు చెందుతుంది. ఇక్కడ సాధనం శిల కాదు, దృష్టి సాగే దిశ.

అయితే ఆ ఆలంబనాన్ని ఎప్పుడు విడువాలో ఈ సమర్థన చెప్పదు. కసిణవిధానం చెబుతుంది: కన్ను మూసినా వలయం కనిపించే ఉగ్గహనిమిత్తం ఉదయించాక సాధకుడు ఆ చోటు విడిచి తన నివాసంలో భావన సాగించాలి; నిమిత్తం చెదిరితేనే తిరిగి రావాలి. వినాయక చవితి మట్టి ప్రతిమకు ఉద్వాసన, నిమజ్జనం ఉన్నాయి. ఆలయంలోని మూలవిరాట్టుకు అటువంటి వీడ్కోలు లేదు.

శ్రీవైష్ణవులకు ఈ లోటు లోటే కాదు. వారి దృష్టిలో అర్చావతారం భగవంతుడే స్వయంగా దిగివచ్చిన రూపం. మెట్టు కాదు గనుక దాటిపోవడం అనే ప్రశ్నే లేదు. అందువల్ల శ్రీవైష్ణవాలయంలోని మూర్తిని ‘తొలి మెట్టు’ అని సమర్థించేవారు, తాము సమర్థిస్తున్నామనుకునే సిద్ధాంతాన్నే కాదంటున్నారు. మెట్టు అన్నవారు దిగే వేళను చెప్పాలి. దైవమే అన్నవారు మెట్టు అనే మాటను వదలాలి. బుద్ధప్రతిమ ముందు దీపం వెలిగించే వారికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.