భజనలో వంతు ఎవరిది?

భజన మీద పరిశోధన వ్యాసం రాసే పిల్లలు నాకు తెచ్చి చూపించే గ్రాఫులన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. అడ్డగీత మీద కాలం, నిలువుగీత మీద వేగం. గీత మెల్లగా ఎక్కుతూ పోయి చివర కొమ్ము మొలిచినట్టు లేస్తుంది. ఆ కొమ్ము పక్కన బాణం గుర్తు వేసి ‘పారవశ్యం’ అని రాసి ఉంటుంది. లయ పెరిగింది, కాబట్టి జనం మైమరచిపోయారు అంటారు. కే.వి.కుప్పం, గుడియాత్తం పక్క భజన గుళ్ల దగ్గర పెరిగినవాణ్ణి, ఆ బాణం మీద నాకు మొదటినుంచీ గురి లేదు.

మా పక్క మార్గళి నెలలో తెల్లవారుజామునే వీధి భజన బయల్దేరుతుంది. ముందు దీపం, వెనక హార్మోనియం మెడలో తగిలించుకున్న మనిషి, డోలక్, తాళాలు, వాళ్ల వెనక ఊరు. పాడేవి రామదాసు కీర్తనలు, త్యాగరాజు దివ్యనామాలు, నడుమ నడుమ తమిళ పాటలు. ఇళ్లలో తెలుగు మాట్లాడినా బళ్లో చదివింది తమిళం కాబట్టి చాలామంది నోటు పుస్తకాల్లో తెలుగు పాట తమిళ అక్షరాల్లో ఉంటుంది. ఆ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ఏది పలకాలో పుస్తకం చెప్పదు, పక్కవాడి గొంతు చెబుతుంది. అందుకే ఈ భజనను ఒక్క గొంతుగా రికార్డు చేస్తే సగం పోయినట్టే.

ఇక వేగం సంగతి. నామావళి ఒకటి తీసుకుందాం. ఎనిమిది దెబ్బల ఆది తాళం, నిమిషానికి 80 దెబ్బల నడక అనుకోండి. భాగవతార్ ఒక పంక్తి పాడితే ఆవర్తనం పూర్తికి 6 సెకన్లు పడుతుంది. వంత పాడేవాళ్లకు మరో 6. కాసేపయ్యాక ఆయన పంక్తిని సగానికి విరుస్తాడు. ఇప్పుడు ఆయనకు 3 సెకన్లు, వీళ్లకు 3. తాళం ఇసుమంత కూడా జోరెక్కలేదు. అయినా చెవికి పాట రెట్టింపు ఉరికినట్టుంటుంది, ఎందుకంటే గొంతు అందుకోవడం, విడవడం రెట్టింపు సార్లు జరుగుతోంది. ఆ తర్వాత పంక్తి పోయి వట్టి నామం మిగులుతుంది. అప్పుడు తాళం కూడా 120కి ఎక్కిందంటే, నాలుగు దెబ్బల నామానికి పట్టేది 2 సెకన్లే. అంటే వేగం అని మనం ఒక్క మాటలో అనేదాంట్లో మూడు వేర్వేరు పనులున్నాయి: తాళం జోరెక్కడం, ఒక్కో దెబ్బలో పట్టే అక్షరాలు పెరగడం, వంతు పొట్టిదైపోవడం. సాఫ్ట్‌వేర్‌కు ఫైలు అప్పజెప్పి దెబ్బలు లెక్కపెట్టమంటే అది ఈ మూడింటినీ కలగాపులగం చేస్తుంది. తాళాల మోత ఇమ్మడించిన చోట నడక 80 నుంచి 160కి దూకిందని చూపిస్తుంది. నిజానికి అక్కడ ఏమీ దూకలేదు. గ్రాఫులో గీత ఒక్కసారిగా సరిగ్గా రెట్టింపైతే, చేత్తో తాళం వేసుకుంటూ ఆ ముక్క మళ్లీ వినాలి. మనుషులు అంత కచ్చితంగా, ఒక్క క్షణంలో రెట్టింపుకు జోరెక్కరు.

వీధి భజనలో ఇంకో చిక్కుంది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వరస 34 మీటర్ల పొడవు సాగిందంటే చివరివాడికి ముందున్న తాళం సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. దానికి అతను కలిపిన గొంతు ముందున్న మైకుకు చేరేసరికి మరో పదో వంతు. ముందు ఒక్క మైకే పెట్టినవాడు ఇది విని వెనకవాళ్లకు లయ కుదరడం లేదని రాస్తాడు. ఇంకాస్త చదువుకున్నవాడైతే ఆ చిన్న తేడాల్లోనే సామూహిక ఉత్సాహం దాగుందని సిద్ధాంతం కడతాడు. ఇద్దరూ కొలిచింది వీధి పొడవును. రెండు రికార్డర్లు, ముందొకటి వెనకొకటి పెట్టి, మొదట రెండింటినీ పక్కపక్కన ఉంచి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొడితే చాలు, తర్వాత ఆ చప్పట్ల దగ్గర రెండు ఫైళ్లూ కలుస్తాయి.

ఇంత చేసినా పారవశ్యం ఇంకా దొరకలేదు. దానికి నేను పిల్లల్ని ఖవ్వాలీ మీద వచ్చిన పుస్తకం దగ్గరికి పంపుతాను. రెగులా ఖురేషీ ఢిల్లీ నిజాముద్దీన్ దర్గాలో చేసిన పరిశోధన 1986లో పుస్తకంగా వచ్చింది. ఆమె పాటతోపాటు వినేవాళ్లనూ గమనించింది. ఎవరు తల ఊపారు, ఎవరు లేచి నజరానా ఇచ్చారు, అది చూసి ఖవ్వాల్ ఏ పాదాన్ని పట్టుకుని తిప్పాడు అన్నది పాట పక్కనే నమోదు చేసింది. ఖవ్వాల్‌కు ఒక కట్టుబాటుంది. ఎవరైనా ఒక పాదం దగ్గర ఒళ్లు మరిస్తే, ఆ స్థితి దిగేదాకా ఆ పాదం వదలకూడదు. 1235లో కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ ఒక్క పద్యం పదే పదే వింటూ ప్రాణం వదిలాడని సూఫీలు చెప్పుకునే కథ వెనకున్నదీ ఆ నమ్మకమే. కాబట్టి అక్కడ చూడాల్సింది జోరు కాదు. పాట ముందుకు పోకుండా ఎక్కడ ఆగింది, ఎవరి కోసం ఆగింది అన్నది.

మా భజనకు ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు తగిలించలేం. ఇక్కడ ఊరికే వినేవాడంటూ ఉండడు, అందరూ వంతే. అయినా ఒక ప్రశ్న అట్లాగే పనికొస్తుంది. భాగవతార్ పంక్తి మార్చబోయినప్పుడు వంతవాళ్లు పాతదాన్నే పట్టుకుని ఆయన్ను వెనక్కి లాగిన చోట్లు ఏవి? రికార్డింగులో అవి స్పష్టంగా వినిపిస్తాయి. రెండు పంక్తులు ఒకదాని మీద ఒకటి పడి గజిబిజి అవుతుంది. మరుసటి వంతుకు ఆయన తగ్గి పాతదానికే వస్తాడు. నేను ఆ చోట్లను కాగితం మీద గుర్తుపెట్టుకుంటాను. ఎవరి గొంతు ముందు అడ్డం పడిందో కూడా రాస్తాను.

ఒకసారి అట్లాంటి రికార్డింగును పాడినవాళ్లకే వినిపించాను. మైమరచిపోయింది ఎక్కడో చూపించమన్నాను. జోరందుకున్న చివరి నామాలు వస్తుంటే ఒక పెద్దాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. “అది ముగింపు నాయనా, హారతికి పొద్దుపోతోందని తరిమినాము. అది కాదు” అన్నాడు. వెనక్కి తిప్పించి తిప్పించి ఒక నిదానమైన కీర్తన దగ్గర ఆపించాడు. అక్కడ భాగవతార్ గొంతు జీరబోయి పంక్తి మధ్యలో తెగింది. ఆడవాళ్ల పక్కనుంచి ఎవరో దాన్ని అందుకున్నారు, మిగతా అందరూ ఆ గొంతు వెంట పోయారు. తర్వాత ఆయన చాలాసేపు వంతే పాడాడు. “ఆ పొద్దు ఇక్కడ కుదిరింది” అన్నాడు పెద్దాయన. పక్కనున్న కుర్రాడు ఒప్పుకోలేదు, వాడికి చివరి జోరే గొప్ప. ఇద్దరి మాటలూ రాసుకున్నాను. నా గ్రాఫులో మాత్రం పెద్దాయన చూపించిన చోట గీత చదునుగా ఉంది.

సమూహం అనే మాట దగ్గరికొస్తే నాకు మిల్టన్ సింగర్ గుర్తొస్తాడు. మద్రాసులోని రాధాకృష్ణ భజనల మీద 1963లో వచ్చిన అతని వ్యాసం ఈ పని చేసేవాళ్లంతా చదివేదే. భజన చివర పెద్దా చిన్నా తేడా లేకుండా ఒకరికొకరు సాష్టాంగపడటం, కౌగిలించుకోవడం అతను చూశాడు. అక్కడ చేరినవాళ్లలో ఎక్కువమంది బ్రాహ్మణులేనని కూడా రాశాడు. ఈ రెండో మాట వదిలేసి మొదటిది మాత్రమే ఎత్తి రాసే వ్యాసాలు ఎన్నో. గుంపు ఒక్కటైపోయింది అని రాసేముందు ఆ గుంపులోకి ఎవరు రాలేదో చూడాలి. భాగవతార్ పాట ఎవరెవరి చేతికిస్తాడు, తాళాల జత ఎవరి ఇంట్లో ఉంటుంది, ఆడవాళ్లకు పాట ఎత్తుకునే వంతు ఎప్పుడైనా వస్తుందా, గొంతు తెగినప్పుడు తప్ప?

అందుకే వీధి భజన మీద రాసేవాళ్లను ముందుగా ఊరి పటం గీయమంటాను. దీపం ఏ ఇంటి ముందు ఆగింది, ఏ మూల మలుపు తిరిగింది, ఎక్కణ్ణుంచి వెనక్కి మళ్లింది అని చేత్తో గీస్తే చాలు. ఒక ఊళ్లో వరస ఒక వీధి మొదట్లోకి వచ్చి తిరిగిపోవడం చూసి కారణం అడిగాను. “ఆ దావ గుంతలు సామీ, దీపం పట్టుకొని పోలేము” అన్నారు. కొన్నేళ్లకు మళ్లీ పోయేసరికి ఆ వీధికి సిమెంటు రోడ్డు పడింది. పాత పటం చేతిలో పట్టుకునే వరస వెనకాల నడిచాను. మలుపు అక్కడే తిరిగారు.