కుప్ప కాసేవాడు

మా మేనకోడలు ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఐదో తరగతికి పల్లె ఆటల మీద ఒక యూనిట్ రాసి, పోయిన వారం నాలుగు కాగితాలు నా చేతిలో పెట్టింది. "చూసి చెప్పండి మామయ్యా" అంది. మొదటి పేజీ మీద పెద్దక్షరాలతో 'లగోరి' అని ఉంది. కన్నడిగులు, మరాఠీవాళ్లు ఆ పేరుతో ఆడుకుంటారు, ఆడుకోనీ. మనకు ఏడు పెంకులాట ఉంది, హైదరాబాదు వాళ్లకు లింగోచ ఉంది. ఈ అరువు పేరెందుకు?

అక్కడితో ఆగినా బాగుండేది. కింద 'అభ్యసన ఫలితాలు'. ఆ మాటతో నాకున్న పాత తగాదా ఈ కాలమ్ చదివేవారికి తెలిసిందే. సహకారం, చేతికీ కంటికీ సమన్వయం, ఒకటి నుంచి ఏడు దాకా లెక్కింపు! ఐదో తరగతి పిల్లలకు! స్థానిక ఆటలను బడిలోకి తెమ్మని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది కాబట్టి తెస్తున్నారు, సరే. ఆటకు లెక్కల పుస్తకం కట్టడం దేనికి?

భద్రతా సూచనల దగ్గర నిజంగానే కోపం వచ్చింది. పెంకుల బదులు నునుపు చెక్క బిళ్లలు వాడాలట, బంతి స్పాంజిదట, మోకాలి కిందే కొట్టాలట.

మేం ఆడిన బంతి బజారులో దొరికేది కాదు. పాత గుడ్డలు ఉండగా చుట్టి, చిరిగిన సైకిల్ ట్యూబును వేలెడు వెడల్పు ఉంగరాలుగా కోసి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా తొడిగేవాళ్లం. వానాకాలంలో గుడ్డ తడిస్తే దాని బరువు రెట్టింపయ్యేది. వీపు మీద పడితే రెండ్రోజులు వాత కనిపించేది. ఇంటి కప్పు మీంచి జారిపడిన పెంకుల్ని ఏరుకొచ్చి, అంచుల్ని బండ మీద అరగదీసి, పెద్దది అడుగున, చిన్నది పైన వచ్చేలా పేర్చేవాళ్లం. అరగదీయకపోతే వేలు తెగేది. అంటే మాకూ భద్రతా సూచనలు ఉన్నాయి, ఎవరూ రాయలేదంతే.

శనివారం బడికి వెళ్లాను, నిలబడి తప్పులు పడదామనే. మొదటి తప్పు దొరికింది కూడా. స్పాంజి బంతి చెక్క బిళ్లల్ని తాకి వెనక్కి వచ్చింది, పై రెండే పడ్డాయి. కొట్టిన జట్టు పిల్ల ఒకతి వంగి రెండూ పెట్టేసింది, ఆట అయిపోయింది. కుప్ప చెదిరి పెంకులు తలో దిక్కుకూ పోతేనే కదా, వాటిని ఏరి పేర్చడానికి సమయం పట్టేది, ఆ సందులో అవతలి జట్టు బంతితో కొట్టగలిగేది. కుప్ప బరువుకు తగ్గ బంతి లేకపోతే ఆటే లేదు. వెలిసిపోయిన టెన్నిస్ బంతి ఒకటి తెప్పించాం. బిళ్లలు చెదిరాయి, నేను మీసం దువ్వుకున్నాను.

ఆ ఊపులో, మూడో పేజీలో ఉన్న గిరి నిబంధన కొట్టేయమన్నాను. కుప్ప చుట్టూ ఆరడుగుల దూరంలో సున్నంతో గిరి గీయాలి, బంతి జట్టు వాళ్లు అందులో అడుగు పెట్టకూడదు. "మా ఊళ్లో గిరీ లేదు, గోడా లేదు" అన్నాను. ఆమె నవ్వి చెరిపేసింది.

ఒక పొడుగు పిల్లాడు బంతి పట్టుకుని కుప్ప పక్కనే నిలబడ్డాడు. ఎవరు బిళ్ల తెచ్చినా వంగేలోపే తాకిస్తున్నాడు. ఐదు నిమిషాల్లో కొట్టిన జట్టంతా ఔట్. రెండో ఆటలోనూ అంతే. మూడో ఆటకు సగం మంది చెట్టు కిందికి పోయి కూర్చున్నారు.

మా ఊళ్లో అలా ఎందుకు జరగలేదా అని తలగోక్కున్నాను. జరిగేది. కుప్ప కాసేవాడిని మర్నాడు ఎవరూ ఆటలోకి పిలిచేవాళ్లు కాదు. సాయంత్రం ఆడినవాళ్లే రేపూ ఆడాలి కాబట్టి ఆ భయం పనిచేసేది. ఈ పిల్లలకు ఉన్నది నలభై నిమిషాల పీరియడ్. మళ్లీ వారం దాకా మైదానం లేదు, అప్పుడు జట్లు వేరు. మా 'రేపు' చేసిన పనిని ఇక్కడ సున్నపు గిరి చేయాలి.

గిరి మళ్లీ గీశాం. పొడుగువాడు బయట నిలబడి విసరక తప్పలేదు, గురి తప్పింది, బంతి దూరంగా దొర్లింది. అది తెచ్చేలోపు నాలుగు బిళ్లలు లేచాయి. చెట్టు కిందివాళ్లు లేచి వచ్చారు.

ఆఖర్లో బంతి ఒక పిల్ల గౌను అంచుకు తగిలిందా, కాలికి తగిలిందా అని పెద్ద గొడవ. 'వివాదంలో టీచరు మాటే తుది' అని నాలుగో పేజీలో ఉంది. అది చూపిద్దామని నేను మేనకోడలి కోసం చూశాను. ఆమె మాకు వీపు తిప్పి, సీసాలో నీళ్లు తాగుతోంది, చాలాసేపు.