ప్రశ్న తోక పట్టుకుని

పిల్లల ప్రశ్నలకు పొంతన ఉండదంటాం. ఉంటుంది, మనం వెతుక్కోవాలి. జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌లో ఎదురు సీట్లో కూర్చున్న ఒక అమ్మమ్మగారిని చూశాక ఈ మాట గట్టిగా అనగలుగుతున్నాను. విశాఖలో ఎక్కారు. పక్కన ఆరేళ్ళ మనవడు.

తుని దాటింది. "అమ్మమ్మా, స్తంభాలు వెనక్కి పరిగెడుతున్నాయే, ఆ కొండ మాత్రం మనతో వస్తోందేం?"

ఆవిడ వెంటనే చెప్పలేదు. "బొటనవేలు ముక్కుకి దగ్గరగా పెట్టుకో. ఒక కన్ను మూసి చూడు. ఇప్పుడు అది తెరిచి రెండోది మూయి."

"వేలు గెంతుతోంది!"

"చెయ్యి బారచాపి మళ్ళీ చూడు."

"కొంచెమే గెంతింది."

"వేలు కదల్లేదురా, నువ్వు చూసే చోటు మారిందంతే. దగ్గరున్నది ఎక్కువ జరిగినట్టుంటుంది, దూరంగా ఉన్నది తక్కువ. బండిలో మనం చూసే చోటు మారుతూనే ఉంటుంది కదా."

వాడు కాసేపు వేలితో ఆడుకుని, "మరి విమానం అంత నెమ్మదిగా పోతుందేం?" అన్నాడు. మాట మార్చాడనుకున్నాను. ఆవిడ అనుకోలేదు. "నువ్వే చెప్పు" అన్నారు. వాడు బొటనవేలి వంక చూసి, "దూరం!" అని అరిచాడు. చందమామ మన వెంటే వస్తున్నట్టుండటానికీ కారణం అదే. ఆ దూరం సుమారు 3,84,000 కిలోమీటర్లు. ఆవిడ ఆ లెక్క జోలికి పోలేదు. వాడు అడిగినంతకే చెప్పారు, అది నాకు బాగా నచ్చింది.

తర్వాత కోడి వచ్చింది. కోడికి పళ్ళుంటాయా అని.

"ఉండవు. కందనకాయ తింటావుగా, దానికి అదే తిరగలి. మేతతో పాటు చిన్న చిన్న రాళ్ళు మింగుతుంది. కందనకాయ బిగిసినప్పుడల్లా ఆ రాళ్ళ మధ్య గింజలు నలుగుతాయి."

"పట్టాల కింద రాళ్ళు కూడా అందుకేనా?"

"నాకు తెలీదు నాన్నా, అడుగుదాం" అంటూ కిటికీ పక్కనున్న పెద్దాయన వైపు తిరిగారు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారట. బండి బరువు స్లీపర్ల మీంచి కంకరలోకి దిగి నేలమీద వెడల్పుగా పరుచుకుంటుందనీ, వాన నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి జారిపోతాయనీ చెప్పారు. గులకరాళ్ళయితే దొర్లిపోతాయి గనక కోసు అంచులున్న కంకరే పోస్తారట, అవి ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు. పిల్లాడితో పాటు ఆవిడా అంతే శ్రద్ధగా విన్నారు. తెలియదన్న మాట అంత తేలిగ్గా అనగలిగిన పెద్దవాళ్ళ దగ్గర పిల్లలు అడగడం మానరు.

"మరి కోడి మింగేవి గుండ్రాళ్ళా, కోసు రాళ్ళా తాతయ్యా?"

పెద్దాయన అమ్మమ్మగారి వంక చూశారు.

"మింగినప్పుడు ఎలా ఉన్నా, లోపల ఒరుసుకుని నున్నబడతాయి. ఆదివారం నాటుకోడిని కోయిద్దాం. కందనకాయ నేను చీలుస్తాను, రాళ్ళు నువ్వు కడిగి చూద్దువుగాని" అన్నారావిడ.