తెలుగు సినిమా ఉల్లేఖనం: రోమన్ లిపిలో పేరు, మాట

తెలుగు సినిమాపై ఆంగ్లంలో రాసే పరిశోధకునికి మొదటి పుటలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. త్రివిక్రమ్ శ్రీనివాస్ దర్శకత్వంలో 2005లో వచ్చిన ‘అతడు’ పేరును రోమన్ లిపిలో ఎలా రాయాలి? ఫిలింనగర్ వాడుకలో అది Athadu. ఐఎస్ఓ 15919 ప్రమాణం ప్రకారం ataḍu. వీటిలో ఏది శాస్త్రీయమన్న ప్రశ్న కంటే ఏది ఏ పనికి తగునన్న ప్రశ్న ముఖ్యం.

వాడుక వర్ణక్రమానికి క్రమమే లేదని తోసిపుచ్చడం పరిపాటి. నిజానికి అందులో పాక్షికమైన క్రమం ఉంది. తకారానికి th, టకారానికి t రాయడం తెలుగువారిలో తరచు కనిపించే అలవాటు. అయితే థకారానికీ th తప్ప వేరే గతి లేదు. ద, డల దగ్గర ఈ క్రమం మరింత సడలుతుంది. Athadu లోని d డకారం కాగా, 2006 నాటి Godavari లోని d దకారం. కనుక తెలుగు రాని పాఠకుడు Athadu నుండి మూలాక్షరాలను తిరిగి రాబట్టలేడు. లిప్యంతరీకరణకు గీటురాయి అదే. ఆ పరీక్షలో నిలిచేది ataḍu.

కాని ఆ నిలకడ ఒక చుక్కపై ఆధారపడి ఉంది. ‘పాట’, ‘పాత’ శబ్దాలు pāṭa, pāta అవుతాయి. ముద్రణలో గుర్తులు రాలిపోతే రెండూ pata గా మిగులుతాయి. వాడుకగా paata, paatha అని రాసినవారు ఆ భేదాన్ని నిలుపుకుంటారు. అంటే గుర్తులు రాలిన శాస్త్రీయ రూపం వాడుక రూపం కంటే తక్కువ చెబుతుంది. పైగా లోపం పైకి కనిపించదు. దీర్ఘాచ్చు లేని తెలుగు వాక్యం అరుదు. కాబట్టి ఒక ఉల్లేఖనమంతటా దీర్ఘచిహ్నం ఒక్కటీ లేకపోతే గుర్తులు రాలాయని అనుమానించి, మూలంతో సరిచూడాలి.

సంభాషణలకు మరొక పరిమితి ఉంది. ‘వచ్చాడు’ను vaccāḍu అని రాస్తే తెలుగు రాత యథాతథంగా అందుతుంది, పలుకు అందదు. వ్యవహారంలో ఇక్కడి ‘ఆ’ శుద్ధమైన ఆకారం కాదు, ఏ-ఆల నడిమి అచ్చు. పాత్ర యాసనే చర్చిస్తున్నప్పుడు లిప్యంతరీకరణ చాలదు, ధ్వనిలేఖనం అవసరమవుతుంది.

కాబట్టి పేరునూ మాటనూ ఒకే కొలతతో కొలవడం తగదు. సినిమా పేరు రోమన్ లిపిలో కూడా నామవాచకమే. ప్రకటనలలో, జాబితాలలో Athadu గా నమోదైన చిత్రాన్ని కేవలం ataḍu గా మారిస్తే పాఠకునికి ఆ చిత్రం దొరకడమే కష్టమవుతుంది. పేరును వాడుక రూపంలో ఉంచి, తొలి ప్రస్తావనలో మాత్రం పక్కన శాస్త్రీయ రూపాన్ని చూపడం మేలు. సంభాషణను, పాటను ఉల్లేఖించేటప్పుడు పదమే సాక్ష్యం. అక్కడ గుర్తులను వదలరాదు. ఒకే వ్యాసంలో రెండు పద్ధతులు గందరగోళమన్న ఆక్షేపణకు వ్యాసారంభంలో ఒక వాక్యపు వివరణ సమాధానమవుతుంది. రాలిన చుక్కకు అటువంటి సమాధానం లేదు.